బ్యాటరీ మార్చాలా, సిస్టం మార్చాలా, ఫోనే మార్చాలా?

మా పిన్ని కొడుకు కాకినాడలో ఇంజినీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. 2026 సంక్రాంతి సెలవులకు ఊరొచ్చిన వారం రోజులూ వాడు ఎక్కడ కూర్చున్నా గోడకున్న ప్లగ్గును ఆనుకునే కూర్చున్నాడు. వాడి దగ్గరున్నది పోకో ఎఫ్1. 2018 ఆగస్టులో మన దేశంలో 20,999 రూపాయలకు విడుదలైన ఫోను. మా తమ్ముడు కొన్నేళ్లు వాడుకుని వీడి చేతికిచ్చాడు. కనుమ నాటి మధ్యాహ్నం భోజనాలయ్యాక నా పక్కన చేరి అసలు విషయం బయటపెట్టాడు.

"అన్నయ్యా, దీనిలో లినేజ్ ఓఎస్ అనే బయటి సిస్టం ఎక్కిస్తే కొత్త ఫోనులా పనిచేస్తుందని మా హాస్టల్లో ఒకడు చెప్పాడు. లేదంటే నా దగ్గర పదకొండు వేలున్నాయి, కొత్తది కొనేస్తాను. ఏది చేయమంటావు?"

ఈ ప్రశ్న అడిగేవాళ్లు ఫోను నెమ్మదించిందంటే తప్పు సిస్టందే అని ముందే తేల్చేసుకుంటారు. సిస్టం మార్చడమో ఫోను మార్చడమో, ఈ రెండే దారులు కనబడటానికి కారణం అదే. ఏడేళ్ల ఫోనులో సిస్టం కంటే ముందు అరిగిపోయేవి వేరే ఉంటాయి. అందుకని వాడిని ఒక కాగితం తెమ్మని, ఫోనుతో ఉన్న ఇబ్బందులన్నీ ఒక్కొక్కటిగా రాయమన్నాను. మూడే తేలాయి. ముప్పై శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి ఆగిపోతోంది. కెమెరా తెరుచుకోవడానికి అయిదారు సెకన్లు పడుతోంది. సిస్టం పాతదైపోయింది, ఎప్పుడో ఒకరోజు బ్యాంకు యాప్ పనిచేయదేమోనని భయం. ఈ మూడింటికీ కారణాలు వేరు, మందులూ వేరు.

ముందు అరిగిందేదో తెలుసుకోవడం

మొదటి ఇబ్బంది పూర్తిగా బ్యాటరీది. లిథియం బ్యాటరీ పాతబడేకొద్దీ దానిలో పట్టే ఛార్జి తగ్గుతుందని అందరికీ తెలుసు. లోపలి నిరోధం పెరుగుతుందన్న సంగతి మాత్రం చాలామంది గమనించరు. కెమెరా తెరిచినప్పుడో, ఆట మొదలైనప్పుడో ఫోను ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ క్షణంలో అరిగిన బ్యాటరీ వోల్టేజి కిందికి జారిపోతుంది. అది ఒక హద్దు దాటగానే ఫోను తనను తాను ఆపేసుకుంటుంది. తెర మీద ముప్పై శాతం అని కనబడుతున్నా చచ్చినట్టు పడిపోవడం ఇందుకే. ఛార్జర్ పెట్టగానే మళ్లీ ఇరవై అయిదో ఇరవై ఎనిమిదో చూపిస్తే ఇక అనుమానమే అక్కర్లేదు. దీన్ని ఏ కొత్త సిస్టమూ బాగుచేయలేదు.

ఇంట్లోనే కొలుచుకోవచ్చు. వంద శాతం ఛార్జి చేసి, వైఫై మీద, తెర వెలుతురు సగానికి పెట్టి, ఒక గంట వీడియో నడపాలి. మంచి బ్యాటరీ ఉన్న ఫోనులో ఆ గంటకు పది, పన్నెండు శాతం ఖర్చవుతుంది. మా వాడి ఫోనులో ముప్పై రెండు శాతం పోయింది. ఇంకో పరీక్ష కూడా తప్పనిసరిగా చేయండి. ఫోనును నున్నటి బల్ల మీద వెల్లకిలా పెట్టి మెల్లగా తిప్పండి. బొంగరంలా తిరిగినా, వెనక మూత అంచు దగ్గర కొంచెం లేచినట్టున్నా బ్యాటరీ ఉబ్బిందన్న మాట. అలాంటి ఫోనును ఇక ఛార్జి చేయకూడదు, దిండు కింద అసలే పెట్టకూడదు. ఈ వ్యాసం మిగతా భాగం తర్వాత చదవండి, ముందు దుకాణానికి వెళ్లండి.

రెండో ఇబ్బంది నిల్వ చోటుది. వాడి ఫోనులో 64 జీబీ ఉంటే 61 నిండిపోయాయి. ఫ్లాష్ మెమరీలో పాత సమాచారం మీదనే నేరుగా కొత్తది రాయడం కుదరదు. ముందు ఖాళీ గది దొరకాలి, లేకపోతే ఉన్నవాటిని అటూ ఇటూ సర్ది ఒక గదిని తుడిచి, ఆ తర్వాతే రాయాలి. చోటు నిండిపోయిన ఫోను ప్రతి చిన్న పనికీ ఈ సర్దుడు పనిలో పడుతుంది. వాట్సాప్ ఒక్కటే 19 జీబీ మింగిందని తేలింది. ఒకే పాఠం పీడీఎఫ్ మూడు గ్రూపుల్లో వచ్చి మూడు కాపీలుగా ఉంది. ఫెస్టు వీడియోల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫొటోలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, మిగతాది తుడిచి, పదిహేను జీబీ ఖాళీ చేసేసరికి కెమెరా రెండు సెకన్లలోపే తెరుచుకుంది. ఈ పనికి ఖర్చు రూపాయి కూడా కాలేదు.

మూడో ఇబ్బంది నిజంగానే సిస్టందే. అయితే ఇక్కడ రెండు విషయాలు కలగాపులగం కాకూడదు. ఒకటి ఆండ్రాయిడ్ సంఖ్య, రెండోది భద్రతా తేదీ. సెట్టింగ్స్‌లో ఫోను వివరాలు తెరిస్తే రెండూ కనబడతాయి. యాప్ పనిచేస్తుందా లేదా అన్నది సంఖ్య నిర్ణయిస్తుంది. ఉదాహరణకు వాట్సాప్ 2026 మొదట్లో ఆండ్రాయిడ్ 5 మీద కూడా నడిచేది. క్రోమ్ మాత్రం 2025లో వచ్చిన 139వ వెర్షన్ నుంచి కనీసం ఆండ్రాయిడ్ 10 ఉండాలంటోంది. పోకో ఎఫ్1కు కంపెనీ ఇచ్చిన ఆఖరి సిస్టం ఆండ్రాయిడ్ 10. అంటే మా వాడు గడప మీద నిలబడి ఉన్నాడన్న మాట. క్రోమ్ ఇంకో మెట్టు పైకి జరిగిన రోజున బయటే ఉండిపోతాడు.

భద్రతా తేదీ అంతకంటే తిప్పలు పెట్టేది. దొంగలు దూరే కన్నాలను ఏ తేదీ దాకా పూడ్చారో అది చెబుతుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి సిస్టంలోని కొన్ని భాగాలు ప్లే స్టోర్ దారిలో విడిగా మారుతూ ఉంటాయి కనుక పూర్తిగా దిక్కులేనిదని అనలేం. కానీ సిస్టంకు గుండెకాయ లాంటి కెర్నెల్, చిప్ తయారీదారు ఇచ్చే భాగాలు ఆ దారిలో రావు. ఆండ్రాయిడ్ 12కే గూగుల్ 2025 మార్చితో భద్రతా సవరణలు ఆపేసింది. పదో నంబరు మాట ఇక చెప్పాలా? ఆ ఫోనులో యాప్‌లన్నీ చక్కగా నడుస్తున్నాయి కదా అనిపిస్తుంది. నడుస్తాయి. తాళం పాడైన తలుపు కూడా తెరుచుకోవడం, మూసుకోవడం మానదు.

కంపెనీ ఇచ్చే సిస్టం ఇంకా మిగిలి ఉంటే

మీ ఫోనుకు కంపెనీ నుంచి ఒక సవరణ వచ్చి ఎక్కించకుండా వదిలేసి ఉంటే ముందు దాన్ని తీసుకోండి, ఇందులో పెద్ద ఆలోచన లేదు. నాకున్న మినహాయింపు ఒక్కటే. మూడు జీబీ ర్యామ్, 32 జీబీ నిల్వ ఉన్న ఫోనులో పెద్ద సంఖ్యకు మారే సవరణ ఎక్కిస్తే కొత్త సిస్టం ఎక్కువ చోటు ఆక్రమించి, ఫోను మునుపటి కంటే నెమ్మదించే అవకాశం ఉంది. వెనక్కి వెళ్లడం చాలా ఫోన్లలో కుదరదు. అలాంటి ఫోనులో భద్రతా సవరణ మాత్రమే అయితే సరే, సంఖ్య మారేదైతే అదే ఫోను ఉన్నవాళ్లను ఒకసారి అడిగి ఎక్కించుకోవడం మేలు.

లినేజ్ ఓఎస్ దారి

మా వాడి మనసంతా ఇక్కడే ఉంది. వాడి కోరిక అర్థంలేనిదేమీ కాదు. ఆండ్రాయిడ్ మూల కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. దాన్ని తీసుకుని, కంపెనీలు వదిలేసిన ఫోన్లకు సరిపడేలా స్వచ్ఛందంగా తయారుచేసేవాళ్లు ఉన్నారు. వాటిలో ఎక్కువ పేరున్నది లినేజ్ ఓఎస్. అక్కడ ప్రతి ఫోనూ దాని సంకేతనామంతో ఉంటుంది, పోకో ఎఫ్1ది `beryllium`. అధికారిక పుటలో మీ ఫోను సంకేతనామం లేకపోతే అక్కడితో ఆగిపోండి. ఎవరో ఎక్కడో పెట్టిన ఫైలును బ్యాంకు యాప్ ఉన్న ఫోనులోకి ఎక్కించడం నాకు సమ్మతం కాదు.

పని ఎలా సాగుతుందో చెబుతాను. ఫోను ఆన్ కాగానే సిస్టంను మొదలుపెట్టేది బూట్‌లోడర్, ముందు దాని తాళం తీయాలి. షావోమీ కుటుంబపు ఫోన్లలో ఇందుకు కంపెనీ ఖాతాను ఫోనుకు జోడించి, `Mi Unlock Status` అన్న చోట నమోదు చేసుకుని, సాధారణంగా 168 గంటలు, అంటే నిండా వారం రోజులు, ఆగాలి. ఆ తర్వాత విండోస్ కంప్యూటర్ నుంచి తాళం తీయాలి. తీసిన క్షణాన ఫోనులోని సమస్తం తుడిచిపెట్టుకుపోతుంది. తర్వాత అసలు పనిలోని ముఖ్యమైన ఆదేశాలు రెండే. ఫైళ్ల పేర్లు మీరు దించుకున్నవాటిని బట్టి మారతాయి.

```
fastboot flash recovery recovery.img
adb sideload lineage.zip
```

మొదటిది రికవరీని, అంటే సిస్టం ఎక్కించడానికి వాడే చిన్న ప్రోగ్రాంను, ఎక్కిస్తుంది. దానిలోకి వెళ్లి ఫోనును ఫార్మాట్ చేశాక రెండో ఆదేశంతో సిస్టం ఎక్కుతుంది. ఇక్కడ కొత్తవాళ్లు కంగారుపడే చోటు ఒకటుంది. కంప్యూటర్ తెర మీద లెక్క 47 శాతం దగ్గర నిలిచిపోయి, `adb: failed to read command: Success` అని రావచ్చు. విఫలమైందంటూనే విజయమంటుంది, అదేం భాషో! అది పని పూర్తయిందనే చెప్పడం. ఫోను తెర మీద కూడా పని ముగిసినట్టు చూపిస్తే కంగారుపడి తీగ పీకకండి, మళ్లీ మొదటి నుంచి చేయకండి. ప్లే స్టోర్ కావాలంటే గూగుల్ యాప్‌ల పొట్లాన్ని విడిగా ఎక్కించాలి, అదీ ఫోను మొదటిసారి కొత్త సిస్టంలోకి తెరుచుకోకముందే. తెరిచేశాక గుర్తొస్తే మళ్లీ ఫార్మాట్ చేయాల్సిందే.

ఇంతవరకూ చేతి పని, ఓపిక ఉంటే వస్తుంది. అసలు ఇబ్బంది ఆ తర్వాత మొదలవుతుంది. తాళం తీసిన ఫోనును బ్యాంకు యాప్‌లు నమ్మవు. ఫోను తయారీదారు ఇచ్చిన స్థితిలోనే ఉందా అని యాప్ గూగుల్‌ను అడిగే ఏర్పాటు ఉంది, దాని పేరు ప్లే ఇంటెగ్రిటీ. తాళం తీసిన ఫోను ఆ పరీక్షలో మామూలుగా తప్పుతుంది. కొన్ని యాప్‌లు చూసీచూడనట్టు పోనిస్తాయి, కొన్ని తెరుచుకోగానే మూసుకుంటాయి. ఈ నెల పోనిచ్చిన యాప్ వచ్చే నెల సవరణ తర్వాత పోనిస్తుందన్న హామీ లేదు. దీన్ని దాటడానికి అడ్డదారులు ఉన్నాయంటారు. అవి నాలుగు వారాలు పనిచేస్తాయి, అయిదో వారం చెడిపోతాయి, చెడిపోయే రోజు కచ్చితంగా మెస్ బిల్లు కట్టాల్సిన రోజే అవుతుంది. పరీక్ష ఫీజు నుంచి టీ దాకా యూపీఐతోనే కట్టే కుర్రవాడికి ఇది చిన్న విషయం కాదు. తాళం మళ్లీ వేసేస్తే సరిపోతుందేమోనని మా వాడు అడిగాడు. ఇలాంటి ఫోన్లలో కొత్త సిస్టం ఉండగా తాళం వేస్తే ఫోను తెరుచుకోకుండా ఇటుకలా మిగిలిపోవచ్చు, ఆ పని చేయకూడదు.

ఇంకో పరిమితి గురించి ఉత్సాహవంతులు సాధారణంగా మాట్లాడరు. లినేజ్ ఓఎస్ భద్రతా తేదీని కొత్తది చేస్తుంది, నిజమే. కానీ చిప్ తయారీదారు ఇచ్చే భాగాలు, మోడెం లోపలి కోడ్, ఇవి కంపెనీ ఆపేసిన చోటే ఉంటాయి. ఆ సిస్టంలోనే `Trust` అన్న పుటలో ఆండ్రాయిడ్ తేదీ, తయారీదారు తేదీ రెండూ వేర్వేరుగా చూపిస్తారు. రెండో తేదీ పాతదిగానే ఉండటం చూసి ఎవరూ ఆశ్చర్యపోనక్కర్లేదు. సగం కన్నాలు పూడ్చిన ఇల్లు, ఏ కన్నమూ పూడ్చని ఇంటి కంటే నయం. అంతవరకే.

కాల్స్ సంగతి కూడా ముందే ఆరా తీయాలి. జియోకు 2జీ, 3జీ లేవు. మాట కూడా 4జీ మీదనే, వోల్టీ ద్వారానే వెళ్లాలి. బయటి సిస్టంలో వోల్టీ సరిగా పనిచేయకపోతే ఆ సిమ్‌తో ఇంటర్నెట్ వస్తుంది కానీ ఇంటికి ఫోను చేయలేం. ఏ ఫోనుకైనా బయటి సిస్టం ఎక్కించేముందు వెతకాల్సిన మొదటి మాట ఇదే, కెమెరా ఎలా ఉంటుందన్నది తర్వాత.

కాబట్టి నా లెక్కలో లినేజ్ ఓఎస్ మంచిదే, కానీ రెండో ఫోనుకు. చేతిలో ఉన్నది ఒకే ఫోను, డబ్బు లావాదేవీలన్నీ దానిలోనే అయితే ఈ ప్రయోగం వద్దు.

కొత్త ఫోను: ధర కాదు, నెలకెంత

పదివేల చుట్టుపక్కల కొత్త ఫోను కొనేవాడు ర్యామ్, కెమెరా సంఖ్యలు పోల్చుకుంటాడు. నేనైతే ముందు ఒకే సంఖ్య చూస్తాను. భద్రతా సవరణలు ఎన్ని నెలలు మిగిలి ఉన్నాయి? కంపెనీ "నాలుగేళ్లు" అన్నప్పుడు ఆ గడియారం మీరు కొన్న రోజు నుంచి తిరగదు, ఆ మోడల్ విడుదలైన రోజు నుంచే తిరుగుతుంది. తగ్గింపు ధరకు దొరికే ఫోను తగ్గింపులోకి వచ్చేసరికే ఏడాది వయసు తెచ్చుకుంటుంది.

శాంసంగ్ గెలాక్సీ ఎఫ్06 5జీని తీసుకుందాం. 2025 ఫిబ్రవరిలో దాదాపు పదివేల ధరతో, నాలుగేళ్ల సవరణల మాటతో వచ్చింది. అంటే 2029 ఫిబ్రవరి దాకా. 2026 జనవరిలో కొంటే మిగిలినవి 37 నెలలు. పదివేలను 37తో భాగిస్తే నెలకు 270 రూపాయలు. ఇప్పుడు గెలాక్సీ ఏ16 5జీని చూడండి. 2024 అక్టోబరులో ఆరేళ్ల మాటతో వచ్చింది, అంటే 2030 అక్టోబరు దాకా. అదే ఏ పండగ అమ్మకంలోనో పదిహేను వేలకు దొరికిందనుకుంటే 57 నెలలకు నెలకు 263. అయిదు వేలు ఎక్కువ పెట్టిన ఫోను నెల లెక్కలో కాస్త చవకే. మూడేళ్లే మాటిచ్చి, ఇప్పటికే ఒక ఏడాది గడిచిపోయిన ఎనిమిదిన్నర వేల ఫోను అయితే 24 నెలలకు నెలకు 354 అవుతుంది. మూడింటిలోనూ చవకగా కనబడిందే అన్నిటికంటే ఖరీదు. కాకపోతే ఆ అయిదు వేలు అప్పు చేసి పెట్టేదైతే లెక్క తలకిందులవుతుంది. విద్యార్థి దగ్గర లేని డబ్బుతో చేసే పొదుపు పొదుపు కాదు.

ఇక్కడ మా వాడికి నచ్చని మాట ఒకటి చెప్పాల్సి వచ్చింది. కొత్తది కదా అని అన్నిటిలోనూ పాతదాన్ని మించదు. పోకో ఎఫ్1 ఆనాటి అగ్రశ్రేణి చిప్ స్నాప్‌డ్రాగన్ 845తో, ఆరు జీబీ ర్యామ్‌తో, ఫుల్ హెచ్‌డీ తెరతో వచ్చింది. పదివేల ఎఫ్06లో తెర 720 గీతల హెచ్‌డీయే, నాలుగు జీబీ ర్యామ్ రకం ఉంది. పీడీఎఫ్‌లో సన్నటి అక్షరాలు చదివే కుర్రవాడికి తెర తేడా మొదటి రోజే తెలుస్తుంది. అదనంగా దక్కేవి పెద్ద బ్యాటరీ, గ్యారంటీ, భద్రతా సవరణలు, 5జీ. 2018లో మామూలు ఫోను కొన్నవాడికి ఈ ఇబ్బంది ఉండదు, వాడికి ఏది కొన్నా మెరుగే.

5జీని అనవసరపు హంగు అని నేను కొట్టిపారేసేవాడిని. హాస్టల్లో వైఫై లేదని తెలిశాక మాట మార్చుకున్నాను. 2024 జులైలో ధరలు పెంచినప్పటి నుంచి జియో, ఎయిర్‌టెల్ రోజుకు 2 జీబీ, ఆపైన ఇచ్చే ప్లాన్‌లకే అపరిమిత 5జీని పరిమితం చేశాయి. అదే ప్లాన్ వేయించుకున్న పక్క మంచం కుర్రవాడు లెక్క లేకుండా వాడుకుంటుంటే, 4జీ ఫోను ఉన్న మా వాడు సాయంత్రం ఎనిమిదికల్లా 2 జీబీ అయిపోయి డేటా టాపప్ వేయించుకుంటున్నాడు. నెలకు దానికెంత అవుతోందో లెక్క వేయమంటే 80 రూపాయల దాకా తేలింది. కొత్త ఫోను నెల ఖర్చులోంచి ఆ 80 తీసేయాలి. మీ గదిలో 5జీ సిగ్నల్ నిజంగా అందుతోందో లేదో స్నేహితుడి ఫోనులో చూసుకున్నాకే సుమా.

పాత ఫోనును మరో పాత ఫోనుతో మార్చడం

వాడేసిన ఫోను గురించి రెండు ముక్కలే చెబుతాను. మూడేళ్ల నాటి మంచి ఫోను ఎనిమిది, తొమ్మిది వేలకు రావచ్చు, కానీ పైన చెప్పిన నెలల లెక్క దానికీ వర్తిస్తుంది, బ్యాటరీ ఖర్చు దానికీ దగ్గరలోనే ఉంటుంది. కొనేముందు `*#06#` నొక్కి, ఫోనుకు గుర్తింపు సంఖ్య లాంటి ఐఎంఈఐ అంకెలు తెచ్చుకుని, సందేశంలో `KYM` అని రాసి, ఖాళీ వదిలి ఆ పదిహేను అంకెలు వేసి 14422కు పంపండి. దొంగిలించిందని నమోదై ఉంటే అక్కడే తెలిసిపోతుంది. అమ్మేవాడు మీ ఎదురుగా తన గూగుల్ ఖాతా తీసేయకపోతే డబ్బు ఇవ్వకండి.

మా వాడు ఏం చేశాడు

బ్యాటరీకి దుకాణంలో 1,400 అడిగారు. ఇంకోచోట 700కే వేస్తామన్నారు, వాడు అటే మొగ్గాడు. సరే, వాడి డబ్బు, వాడి ఇష్టం అనుకున్నాను. వేయించుకున్న రెండో రోజే నలభై శాతం నుంచి ఒక్కసారిగా పన్నెండుకు పడింది, ఛార్జింగులో వెనక మూత చురుక్కుమంది. గంట వీడియో పరీక్షలో ఇరవై నాలుగు శాతం పోయింది. పేరుకు 4,000 ఎంఏహెచ్ అని ముద్ర ఉంది, లోపల అంత సరుకు లేదు. ఆ దుకాణదారు సగం డబ్బు తిరిగిచ్చాడు, అదీ అరగంట వాదన తర్వాత. మళ్లీ 1,400 పెట్టి, ఆరు నెలల గ్యారంటీ బిల్లు మీద రాయించుకుని మొదటి చోటే వేయించాం. గంటకు పదకొండు శాతం. వెనకవైపు వేలిముద్ర సెన్సర్ ఉన్న ఫోన్లలో మూత తీసేటప్పుడు ఆ సన్నటి తీగ తెగే ప్రమాదం ఉంటుంది, అందుకని డబ్బు ఇచ్చేముందు వేలిముద్రతో ఫోను తెరిచి చూసుకున్నాం.

తర్వాత ఫ్యాక్టరీ రీసెట్. దానికి ముందు రోజు రాత్రంతా సామాను సర్దుకోవడంతోనే గడిచింది. వాట్సాప్ బ్యాకప్, ఫొటోలు, రెండంచెల లాగిన్ కోడ్‌లు ఇచ్చే యాప్, అన్నిటికంటే ముఖ్యంగా గూగుల్ ఖాతా పాస్‌వర్డ్. రీసెట్ అయ్యాక ఫోను ఆ పాస్‌వర్డే అడగవచ్చు, అప్పుడు గుర్తులేకపోతే సొంత ఫోనే లోపలికి రానివ్వదు. పని పూర్తయ్యాక ఆరు జీబీ ర్యామ్ ఉన్న ఆ చిప్ తన అసలు వేగం చూపించింది.

మిగిలింది భద్రత సమస్య. బ్యాటరీ మార్చినంత మాత్రాన అది తీరలేదు, తీరినట్టు నటించడం నాకు ఇష్టం లేదు. అందుకని వాడి స్కాలర్‌షిప్పు పడే ఖాతాను ఆ ఫోనులోంచి తీసేయించాను. వేరే బ్యాంకులో ఇంకో ఖాతా తెరిచి, అందులో ఎప్పుడూ రెండు వేలకు మించకుండా ఉంచి, యూపీఐని దానికే కట్టాం. ప్లే స్టోర్ బయటి నుంచి ఏ యాప్ ఫైలూ ఎక్కించనని మాట తీసుకున్నాను. క్రికెట్ చూపించే ఆ యాప్ కూడా ఎక్కించకూడదని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. దీనికి గడువు కూడా పెట్టుకున్నాం. 2027 జనవరి, లేదా క్రోమో బ్యాంకు యాపో ఆండ్రాయిడ్ 10ని వదిలేసిన రోజు, ఏది ముందైతే అది. ఆ లోపు మిగిలిన తొమ్మిది వేలకు నెలకు నాలుగైదు వందలు కలిపితే ఆరేళ్ల సవరణలున్న ఫోను అందుతుంది. ఇప్పుడే పదివేలది కొంటే దాని గడువు 2029 ఫిబ్రవరిలో, ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ముగిసేది.

అయితే వాడి గదిలోని స్నేహితుడికి ఇదే సలహా ఇవ్వలేదు. ఆ అబ్బాయి ఫోనులో ర్యామ్ మూడు జీబీ, నిల్వ 32 జీబీ, ఆండ్రాయిడ్ 9. క్రోమ్ అప్పటికే వదిలేసింది. అన్నీ తుడిచేసినా సిస్టమే సగం చోటు ఆక్రమిస్తుంది, అధికారిక లినేజ్ ఓఎస్ దానికి లేదు. ఛార్జింగ్ రంధ్రం వదులై తీగను రాయి పెట్టి ఆనించి పెడుతున్నాడు. బ్యాటరీకి 1,400, రంధ్రానికి మరో 500 పెట్టినా ఆ 32 జీబీ 64 కాదు. అతడిని నేరుగా కొత్తది కొనుక్కోమన్నాను, పాతదాని మార్పిడికి వచ్చే మూడు నాలుగు వందల కోసం సమయం వృథా చేసుకోవద్దన్నాను.

అతడు కొన్నాడు, కొన్నరోజే ఒక పొరపాటు చేశాడు. మర్నాడు సెమిస్టర్ ఫీజుకు ఆఖరు తేదీ. సిమ్‌ను కొత్త ఫోనులోకి మార్చి, పాతదాన్ని ఆ సాయంత్రమే ఇచ్చేశాడు. ఫోను మారినప్పుడు యూపీఐని మళ్లీ నమోదు చేసుకోవాలి, అలా చేసిన మొదటి 24 గంటల్లో సాధారణంగా 5,000 రూపాయలకు మించి పంపనివ్వరు. ఫీజు పదకొండు వేలు. చివరికి వాళ్ల నాన్నగారు ఊళ్లో బ్యాంకుకు వెళ్లి కట్టారు. మా వాడి కాగితం మీద ఆఖరి పంక్తిగా ఇది కూడా చేరింది: కొత్త ఫోను వచ్చాక ఫీజు కట్టే రోజుకు కనీసం మూడు రోజుల ముందు సిమ్ మార్చాలి, పాత ఫోను అమ్మకూడదు, వారం అయ్యాక దానిలో లినేజ్ ఓఎస్ ఎక్కించుకోవచ్చు.